వేళ్లు బిగుసుకుపోయాక జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాను: నా అనుభవం

జడ వేసుకోవడంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది అల్లడం కాదు, చివర రబ్బరు బ్యాండు వేయడం. మూడు పాయలను ఒకదాని మీద ఒకటి వేస్తూ పోవడానికి బలం పెద్దగా అక్కర్లేదు. ఏళ్ల తరబడి అలవాటైన పని కాబట్టి వేళ్లు వాటంతట అవే నడుస్తాయి. బ్యాండు దగ్గరికి వచ్చేసరికి ఒక చేత్తో జడ కొస జారిపోకుండా పట్టుకోవాలి, రెండో చేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి బ్యాండును సాగదీయాలి, మెలితిప్పాలి, మళ్లీ సాగదీసి తొడగాలి. అలా సాగదీసినప్పుడల్లా బొటనవేలి మొదట్లో కలుక్కుమనేది.

నాకు డెబ్బై దాటాయి. రెండు బొటనవేళ్ల మొదట్లో ఉండే కీళ్లు అరిగిపోయాయి. మిగతా వేళ్ల చివరి కణుపులు ఉబ్బి గట్టిపడ్డాయి. పొద్దున లేవగానే పిడికిలి పూర్తిగా ముడుచుకోదు. కాస్త అటూ ఇటూ తిరిగి, గోరువెచ్చని నీళ్లలో చేతులు తడిపాక, అరగంట లోపు వేళ్లు దారికి వస్తాయి. కీళ్ల అరుగుదలలో ఇది మామూలే. ఈ బిగుతు గంట దాటినా వదలకపోతే, కీళ్లు వాచి వేడిగా ఉంటే మాత్రం అది వేరే రకం కీళ్లవాతం కావచ్చు. అలాంటి వాళ్లు జుట్టు సంగతి పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మా డాక్టరు చెప్పిన ఒక మాట ఈ వ్యవహారమంతటికీ నాకు కొలబద్దగా పనికొచ్చింది. బొటనవేలి కొసతో దేన్నైనా నొక్కి పట్టుకుంటే, కొస దగ్గర మనం పెట్టే బలానికి ఎన్నో రెట్లు ఒత్తిడి ఆ వేలి మొదట్లో ఉన్న కీలు మీద పడుతుందట. అందుకే బరువున్న సంచిని మోచేతికి తగిలించుకుని మోయగలిగిన నేను, పిడికెడంత లేని క్లిప్పును నొక్కలేకపోయేదాన్ని. బ్యాండుకు బదులు పళ్ల క్లిప్పు పెట్టుకోమని అందరూ ఇచ్చే సలహా ఎందుకు పనికిరాలేదో కూడా అప్పుడే అర్థమైంది. ఆ క్లిప్పు తెరవాలంటే స్ప్రింగును నొక్కాలి, నొక్కే పని పడేది మళ్లీ ఆ కీలు మీదే.

కాబట్టి ఏ కత్తిరింపు బాగుంటుందన్న ప్రశ్న పక్కన పెట్టి, జుట్టు పనిలో నా చేతులు ఏమేం చేస్తున్నాయో కొన్నాళ్లు గమనించాను. నొక్కి పట్టుకోవడం గురించి చెప్పాను. రెండోది చేతులు భుజాల కంటే పైకెత్తి కాసేపు అలాగే ఉంచడం. పాపిడి తీయడానికి, నడినెత్తి దగ్గర దువ్వడానికి, తడి జుట్టు దులపడానికి ఇది తప్పదు. నా కుడి భుజం చెవి దాకా లేస్తుంది, ఆపైన మొరాయిస్తుంది. మూడోది సన్నని పిడిని గట్టిగా పట్టుకుని లాగడం, అంటే చిక్కు తీయడం. నాలుగోది కంటికి కనిపించని చోట, తల వెనుక, తడుముకుంటూ చేసే పని. వీటిలో ఏది ఎవరికి ఎక్కువ కష్టమో దాన్ని బట్టి కత్తిరింపు మారుతుంది. భుజం బాగుండి వేళ్లు మాత్రమే మొరాయించే మనిషికి నప్పేది, భుజమే లేవని మనిషికి నప్పదు. ఈ లెక్క చూసుకోకుండా ఫోటోలు చూసి నిర్ణయించుకుంటే, వెళ్లిన రోజు బాగానే ఉంటుంది. మర్నాడు పొద్దున చూడాలి.

నా జుట్టు నడుము దాకా ఉండేది. పలచబడింది, ముప్పాతిక వంతు నెరిసింది. కత్తిరించుకుంటానని అనగానే అమ్మాయి, “భుజాల దాకా చేయించుకో అమ్మా, అలవాటయ్యాక ఇంకా తగ్గించుకోవచ్చు” అంది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ చేతులు బిగుసుకునే మనిషికి అన్నిటికంటే చెడ్డ పొడవు ఇదేనని నా అభిప్రాయం. భుజాన్ని తాకే జుట్టు అక్కడ తగిలి కొసలు బయటికి వంగుతాయి, ఎంత దువ్వినా ఒక వైపు లోపలికి, ఒక వైపు బయటికి తిరుగుతాయి. వదిలేస్తే ముఖం మీద పడుతుంది కాబట్టి కట్టాలి. కడితే చిన్న వెంట్రుకలు జారిపోతాయి కాబట్టి బ్యాండును ఇంకో మెలిక బిగించాలి. జడ పోయింది గానీ బ్యాండు మిగిలింది. చిక్కు కూడా తగ్గదు, ఎందుకంటే చిక్కు పడేది ఎక్కువగా మెడ వెనుక, కాలరు రాసుకునే చోటే.

మేము వెళ్లిన చోట జుట్టు కత్తిరించే ఆవిడ మంచి అనుభవజ్ఞురాలు. కూర్చోబెట్టగానే కత్తెర తీయలేదు. “రోజూ పొద్దున జుట్టుకు మీరే చేసుకుంటారా, ఎవరైనా సాయం చేస్తారా?” అని అడిగింది. నేనే అన్నాను. అయితే మీ దువ్వెనతో ఒకసారి దువ్వుకుని చూపించమంది. నా దువ్వెన నేను వెంట తీసుకెళ్లాను, అది మంచిదైంది. చెయ్యి ఎంతవరకు లేస్తోందో, నడినెత్తికి చేరడానికి తల ఎలా వంచుతున్నానో అద్దంలో చూసింది. ఏ మాటల్లో చెప్పినా ఆ సంగతి ఆమెకు అంత బాగా తెలిసేది కాదు. ఆ తర్వాత గడ్డం దాకా ఒకే పొడవున బాబ్ కట్ చేద్దామని, కొన్నాళ్లు చూసి అక్కడి నుంచి పొట్టి చేసుకోవచ్చని అంది. ఒకేసారి అంత పొట్టిగా చేస్తే నేను బెంబేలెత్తిపోతానని ఆమె భయం కావచ్చు. ఒప్పుకున్నాను.

బాబ్ కట్‌తో ఉన్నన్నాళ్లలో నాకు బాగా తెలిసొచ్చింది ఇది. కట్టే పని పోయింది, చిక్కు దాదాపు పోయింది. దువ్వడం ముందు వైపు నుంచే అయిపోతోంది. పలచని జుట్టు ఒకే గీతన తెగినందువల్ల కొసలు ఒత్తుగా కనిపించాయి, ఇది నేను ఊహించని లాభం. కానీ ముఖం కడుక్కోవడానికి, చదవడానికి, చెప్పులు వేసుకోవడానికి ఎప్పుడు వంగినా జుట్టంతా తెర దించినట్టు ముందుకు వచ్చేది. చెవుల వెనక్కి నెట్టుకుంటే అక్కడ కళ్లజోడు కాడ ఉంటుంది. జుట్టు, కాడ రెండూ అంత చోటులో ఇమడవు, ఒకటి నిలిస్తే ఇంకొకటి జారుతుంది. వినికిడి యంత్రం పెట్టుకునే వాళ్లకు ఇంకా ఇబ్బంది. పక్కకు చిన్న క్లిప్పు పెట్టుకోవచ్చు కదా అంటారు. క్లిప్పు వద్దనుకునే కదా ఇంత దూరం వచ్చింది!

ఇంకొకటి. పొడవుగా ఉన్నప్పుడు నా జుట్టు తిన్నగా ఉండేది. కత్తిరించాక అలలు తేలాయి. పొడవు జుట్టు బరువుకు కిందికి లాగి అలను చదును చేస్తుంది, ఆ బరువు తీసేస్తే జుట్టు అసలు గుణం బయటపడుతుంది. అందువల్ల తల ఆరబెట్టాక ఎడమ వైపు జుట్టు గడ్డం దాకా, కుడి వైపు బుగ్గ దాకా ఉండేది. సమంగా కనిపించాలంటే గుండ్రటి బ్రష్షు చుట్టి, హెయిర్ డ్రైయర్ పట్టాలి. రెండు చేతులూ పైకెత్తి, ఒక దాంతో తిప్పుతూ, ఒక దాంతో బరువు మోస్తూ చేసే పని అది. నా వల్ల కానివన్నీ ఒకేచోట చేరిన పని.

ఇది అందరికీ ఇలాగే అవుతుందని కాదు. జుట్టు తిన్నగా, జారుడుగా ఉండి, కళ్లజోడు లేని వాళ్లకు గడ్డం పొడవు బాబ్ చాలా హాయి. ఇంటి నుంచి తరచూ కదలలేని వాళ్లకు కూడా అదే మేలు, ఎందుకంటే రెండు మూడు నెలలు కత్తెర తగలకపోయినా దాని రూపం చెడదు. నా విషయంలో లెక్క కుదరలేదంతే.

రెండోసారి వెళ్లినప్పుడు పూర్తి పొట్టి కత్తిరింపు అడిగాను. పిక్సీ కట్ అంటారు. ఆ పేరు చెబితే ఒక్కొక్కరు ఒక్కో రకంగా కత్తిరిస్తారు కాబట్టి పేరు మీద ఆధారపడకుండా, ఎక్కడ ఎంత ఉండాలో వేలితో చూపించి మాట్లాడుకున్నాం. మెడ వెనుక అర అంగుళం, తలను అంటుకుని ఉండాలి. చెవులు పూర్తిగా బయటికి కనిపించాలి, వాటి పైన అంగుళంన్నర. నడినెత్తి మీద రెండున్నర అంగుళాలు. ముందు మూడు అంగుళాలు, పక్కకు వాలేలా. నుదుటి మీదికి తిన్నగా దించి కత్తిరించే ముంగురులు వద్దని గట్టిగా చెప్పాను. అవి చూడటానికి ముద్దుగా ఉంటాయి. కానీ కనుబొమల దగ్గర ఆగాల్సిన జుట్టు కొన్ని వారాల్లోనే కళ్లలోకి వస్తుంది, తడిగా ఉన్నప్పుడు నుదుటికి అతుక్కుంటుంది, ఆరేలోపు సర్దకపోతే ఎటు పడితే అటు లేస్తుంది. పక్కకు వాలిన జుట్టు పెరిగినా చెవి వైపుకే పోతుంది.

ఎటు పక్కకు వాలాలన్నది మనం నిర్ణయించేది కాదని అప్పుడు నేర్చుకున్నాను. ఆమె తడి జుట్టునంతా వెనక్కి దువ్వి, నడినెత్తి మీద అరచేయి పెట్టి మెల్లగా ముందుకు నెట్టింది. జుట్టు దానంతట అదే ఒకచోట చీలింది. అదే సహజమైన పాపిడి. నాది ఎడమ వైపు, కనుబొమ మధ్యకు సరిగ్గా పైన. ఇన్నేళ్లూ నేను తల నడుమన పాపిడి తీస్తూ వచ్చాను. పొడవు జుట్టు జడలో బిగిస్తే చెప్పినట్టు వింటుంది, మూడు అంగుళాల జుట్టు వినదు. దాని దారిన దాన్ని పోనిస్తే దువ్వెన లేకుండా కూడా సరిగ్గా పడుతుంది. ఎదురు దువ్వితే రోజంతా చేతితో సర్దుకుంటూ ఉండాలి.

నడినెత్తి వెనుక నాకు సుడి ఉంది. సుడి దగ్గర జుట్టు మరీ పొట్టిగా కోస్తే నిక్కబొడుచుకుంటుంది, రాత్రి దిండుకు ఒత్తుకుని పొద్దున ఇంకా లేస్తుంది. తన బరువుకు తాను పడుకునేంత పొడవు అక్కడ ఉంచాలి. రెండున్నర అంగుళాల లెక్క అక్కడి నుంచి వచ్చిందే. మొదట అక్కడ రెండు అంగుళాలకు పట్టుకుని ఒక్క పాయ కత్తిరించి వదిలింది, అది లేచి నిలబడుతోందని గమనించి మిగతాది పెంచి ఉంచింది. జుట్టు పూర్తిగా తడిగా ఉంటే ఈ సంగతి తెలియదు. తడి జుట్టు సాగుతుంది, బరువుగా పడుకుంటుంది, ఆరాక పైకి ముడుచుకుంటుంది. అలలు, ఉంగరాలు ఉన్న జుట్టుకైతే ఈ తేడా ఇంకా ఎక్కువ. అందుకే పైపైన తడిలో కత్తిరించి, ఆరిన తర్వాత తుది మెరుగులు దిద్దమని అడిగాను. ఆమె కూడా అదే పద్ధతి అంది.

దువ్వెనలా పళ్లుండే పలచన కత్తెర ఒకటి ఉంటుంది. ఒత్తు తగ్గించడానికి వాడతారు. పలచని, నెరిసిన జుట్టుకు అది ఎక్కువగా వాడితే లోపల కత్తిరించిన పొట్టి వెంట్రుకలు పై వెంట్రుకలను తోసుకుని బయటికి వస్తాయి, తలంతా నూగు లేచినట్టు ఉంటుంది. దాన్ని అణచాలంటే క్రీమో జెల్లో రాయాలి. ఆ డబ్బా మూత తిప్పాలి, వేలితో కొద్దిగా తీయాలి, తర్వాత చేతులు కడుక్కోవాలి. చిన్న కత్తెర మార్పు వల్ల రోజూ ఎన్ని పనులు వచ్చి పడతాయో చూడండి. చెవుల పైన కొద్దిగా తప్ప ఆ కత్తెర వద్దన్నాను.

కళ్లజోడు గురించి ఒక మాట. కత్తిరించేటప్పుడు జోడు తీసేయమంటారు, తీస్తే నాకు అద్దంలో కనిపించేది మసక. అంతా అయ్యాక పెట్టుకుని చూసి ఉలిక్కిపడటం కంటే, మధ్యమధ్య ఆపించి పెట్టుకోవడం మంచిది. మరీ ముఖ్యంగా చెవుల దగ్గర కత్తిరించాక జోడు పెట్టుకుని, కాడ కింద ఇరుక్కుంటున్న జుట్టు ఏమైనా ఉందేమో చూసుకోవాలి. నాకు ఎడమ చెవి పైన ఒక పాయ కాడ మీదుగా బయటికి పొడుచుకు వచ్చింది. అప్పటికప్పుడు తీసేసింది.

తల కడిగించుకోవడం విషయంలో నేను కాస్త మొండిగా ఉంటాను. వెనక్కి వాలి, మెడ బేసిన్ అంచు మీద ఆనించి కడిగించుకునే పద్ధతి పెద్దవాళ్లకు అన్నివేళలా మంచిది కాదు. మెడ అలా వెనక్కి వంగి ఎక్కువసేపు ఉంటే మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాల మీద ఒత్తిడి పడుతుంది. ఇలా కడిగించుకున్నాక పక్షవాతం లక్షణాలు కనిపించిన ఐదుగురు స్త్రీల గురించి 1993లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో రాశారు. చాలా అరుదైన విషయమే. అయినా మెడ అరుగుదల కూడా ఉన్న నాలాంటి దానికి ఆ సరదా అక్కర్లేదు. ఇంట్లో తల స్నానం చేసి వెళ్తాను, అక్కడ నీళ్లు చిలకరించి తడుపుతారు. తప్పనిసరైతే మెడ కింద మందపాటి తువ్వాలు పెట్టించుకుని, త్వరగా ముగించమని చెప్పవచ్చు, లేదా ముందుకు వంగి కడిగించుకోవచ్చు.

కత్తిరింపు అయ్యాక ఆమె అలవాటు ప్రకారం డ్రైయర్, బ్రష్షు చేతిలోకి తీసుకుంది. వద్దన్నాను. “ఇలా వదిలేస్తే మీకు నచ్చకపోవచ్చు” అంది. “రేపు పొద్దున నాకు కనిపించేది ఇదే కదమ్మా, ఇప్పుడే చూడనీ” అన్నాను. నీళ్లు మళ్లీ బాగా చిలకరించి, తువ్వాలుతో అద్ది, అరచేతులతో ముందు నుంచి వెనక్కి ఒకసారి నిమిరి, ఆరేదాకా కూర్చున్నాను. బిగుసుకునే చేతులున్న వాళ్లెవరైనా ఒక్క పరీక్ష పెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోమంటాను. బ్రష్షుతో తీర్చిన జుట్టు కత్తిరింపులోని లోపాలన్నిటినీ దాచేస్తుంది. వదిలేసిన జుట్టు ఏదీ దాచదు. నాకు ఆరిన తర్వాత కుడి కణత దగ్గర ఒక చిన్న గుత్తి బయటికి వంగింది, మెడ వెనుక కుడి మూల ఎడమ కంటే పొడవుగా తేలింది. రెండూ సరిచేసింది. డ్రైయర్ పట్టి ఉంటే ఇవి నాకు ఇంటికి వెళ్లాక దొరికేవి.

ఇప్పుడు రోజువారీ పని ఎలా ఉందో చెబుతాను. తల స్నానం పొద్దున్నే చేయను, వేళ్లు వదులయ్యాక చేస్తాను. స్టూలు మీద కూర్చుని, చేతిలో పట్టుకునే షవరుతో తడుపుకుంటాను. షాంపూ పైన నొక్కే పంపు ఉన్న సీసాలో పోయించి పెట్టుకున్నాను. దాన్ని వేలితో కాకుండా అరచేతి మడమతో, బల్ల మీద సీసా కదలకుండా ఉండగా నొక్కుతాను. ఈ జుట్టుకు ఒక్క నొక్కు చాలు. వేళ్ల కొసలతో రుద్దే బలం లేనందువల్ల మెత్తని సిలికాన్ పళ్లున్న, అరచేతిలో ఇమిడే తల రుద్దే బ్రష్షు వాడుతున్నాను. రెండు వేళ్ల మధ్య దాని పిడిని దూర్చితే చాలు, పట్టుకోవాల్సిన పని లేదు. చెయ్యి లేవని చోటికి తల వంచుతాను. గడ్డాన్ని ఛాతీ వైపు దించితే మోచేయి భుజం కంటే కిందే ఉండగా నడినెత్తి అందుతుంది.

తువ్వాలు పిండటం, తలకు చుట్టి మెలిపెట్టడం మానేశాను. తల మీద కప్పుకుని రెండు అరచేతులతో అదుముతాను, అంతే. ఆ తర్వాత నాకున్న ఏకైక ముఖ్యమైన పని, జుట్టు ఇంకా తడిగా ఉండగానే అరచేతితో దాని దారిన దాన్ని నిమరడం. ఆరిపోయాక సర్దితే వినదు. పొద్దున లేచాక సుడి దగ్గర లేచి ఉంటే, అరచేయి తడిపి ఆ చోట మొదళ్ల దాకా తడి చేసి కాసేపు అదిమి ఉంచుతాను. పైపైన తడిపితే లాభం లేదు, వంపు మొదట్లోనే ఉంటుంది.

దువ్వెన సన్నని పిడిదే. దాని మీద నీటి గొట్టాలకు చుట్టే మెత్తని నురుగు తొడుగు ముక్క ఒకటి ఎక్కించాం. పిడి లావైతే వేళ్లు పూర్తిగా ముడవకుండానే పట్టు దొరుకుతుంది, బొటనవేలితో నొక్కి పట్టాల్సిన అవసరం పోతుంది. తొడుగు మరీ లావుగా ఉంటే చెయ్యి చాచుకుని ఇంకో రకం నొప్పి వస్తుంది. వేళ్లు పిడిని చుట్టుకుని, కొసలు అరచేతిని తాకీ తాకనట్టు ఉంటే సరిపోయినట్టు. దువ్వేటప్పుడు మోచేతిని బల్ల మీద ఆనించి, చేతిని కదపడం తగ్గించి తలను తిప్పుతాను. చూసే వాళ్లకు వింతగా ఉంటుంది, చూడనివ్వండి.

దీనికి చెల్లించాల్సిన మూల్యం ఒకటుంది. పొట్టి జుట్టుకు రోజూ చేసే పని తగ్గుతుంది, కత్తిరించుకోవడానికి వెళ్లే పని పెరుగుతుంది. జుట్టు నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది. ముందు మూడు అంగుళాలున్న చోట అర అంగుళం పెరిగితే ఎవరికీ తెలియదు. మెడ వెనుక అర అంగుళమే ఉన్న చోట అదే పెరుగుదల అంటే రెట్టింపు అయినట్టు. అందుకే పొట్టి కత్తిరింపు ఎప్పుడూ మెడ దగ్గరే మొదట చెడుతుంది, తర్వాత చెవుల మీద. తలంతా కత్తిరించాల్సిన సమయం వచ్చిందని మనకు అనిపిస్తుంది గానీ, చాలాసార్లు ఆ రెండు చోట్లు సరిచేస్తే ఇంకో నెల గడుస్తుంది.

ఆ పని ఇప్పుడు అమ్మాయి ఇంట్లోనే చేస్తోంది. ట్రిమ్మరుకు ప్లాస్టిక్ దువ్వెన తొడుగులు వస్తాయి, వాటి మీద అంకెలుంటాయి. మామూలుగా 1 అంటే 3 మిల్లీమీటర్లు, 2 అంటే 6, 4 అంటే 13. నాకు మెడ మీద 4వ నంబరుతో కింది నుంచి పైకి, చెవి కింది భాగం ఎత్తుకు వచ్చేసరికి బయటికి తీసేస్తుంది. అక్కడి నుంచి ఇంకా పైకి పోనిస్తే మెట్టు పడుతుంది, అది సరిచేయడం ఇంట్లో వాళ్ల వల్ల కాదు. చెవుల మీద మాత్రం ట్రిమ్మరు పెట్టనివ్వను, చిన్న కత్తెరతో చెవి గట్టు మీదికి వచ్చిన వెంట్రుకలు తీస్తే సరిపోతుంది. ఇలా చేయడం వల్ల నాలుగైదు వారాలకు వెళ్లాల్సింది రెండు నెలలకు వెళ్తున్నాను. ఇంట్లో సాయం చేసే మనిషి లేని వాళ్లు మెడ దగ్గర మరీ అంటుగా కాకుండా, అంగుళం దాకా ఉంచమనడం మేలు. అంత అందంగా ఉండదు, కానీ నెమ్మదిగా చెడుతుంది.

మా అన్నయ్యవి నాకంటే బిగుసుకున్న చేతులు. రెండు భుజాలూ లేవవు. ఆయన ఇదంతా విని, “నాకు దువ్వెనే వద్దు” అని తలంతా ఒకే నంబరు, 4వది, మిషనుతో చేయించుకున్నాడు. అర అంగుళం జుట్టుకు పాపిడి ఉండదు, దిండు ఒత్తు పట్టదు, తువ్వాలు రెండుసార్లు ఆనిస్తే ఆరుతుంది. వదిన మూడు వారాలకోసారి ఇంట్లోనే చేస్తోంది. ఆడవాళ్లలో కూడా జుట్టు బాగా పలచబడిన వాళ్లకు ఇది నిజంగా మంచి దారి, నాకైతే ఇంకా అంత ధైర్యం రాలేదు. ఒక్క జాగ్రత్త, ఇన్నేళ్లు జుట్టు కింద దాగిన మాడు, మెడ, చెవులు ఎండకు తొందరగా కమిలిపోతాయి. ఆయనకు మొదటి వారంలోనే చెవుల అంచులు మాడి తోలు లేచింది. నాకు మెడ వెనుక అలాంటిదే అయింది. ఎండలో మెడ మీదికి అంచు ఉన్న టోపీ కావాలి, లేదంటే మెత్తని గుడ్డ కప్పుకోవాలి.

కిందటిసారి వెళ్లినప్పుడు నాకు ఎప్పుడూ కత్తిరించే ఆవిడ సెలవులో ఉంది. వేరే అమ్మాయి కూర్చోబెట్టింది. అందుకని ఇప్పుడు కళ్లజోడు పెట్టెలో చిన్న కాగితం పెట్టుకుంటున్నాను. మెడ అర అంగుళం, చెవుల పైన అంగుళంన్నర, నడినెత్తి రెండున్నర, ముందు మూడు, పాపిడి ఎడమ, సుడి దగ్గర తగ్గించవద్దు, పలచన కత్తెర వద్దు, ఆరాక చూడాలి, డ్రైయర్ వద్దు. ఆ అమ్మాయి కాగితం చదివి అద్దానికి అతికించి మరీ కత్తిరించింది. ముందు వైపు ఇంకో పావు అంగుళం తగ్గిస్తే కళ్లజోడు ఫ్రేముకు తగలదని ఆమె ఇచ్చిన సలహా బాగుంది, కాగితంలో మూడును కొట్టేసి రెండుముప్పావు చేశాను.